అద్దె తగ్గించారు సరే, బయటపడే దారేది?

"రెండు లక్షలు చెప్పాడన్నా, లక్షా తొంభైకి దింపాం." హైదరాబాద్‌లో కొత్తగా హోటల్ పెట్టేవాళ్ల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. నెలకు పదివేలు తగ్గించుకున్నామన్న సంతోషంలో మిగతా అగ్రిమెంట్ అంతా బ్రోకరు తెచ్చిన నమూనా ప్రకారమే సంతకమైపోతుంది. ఆ బేరం వల్ల మూడేళ్లలో మిగిలేది 3 లక్షల 60 వేలు. అదే అగ్రిమెంట్‌లో ఎవరూ బేరమాడని ఒక్క లైను ఉంటుంది. వ్యాపారం నడవక ఏడాదిన్నరకే షట్టర్ దించాల్సి వస్తే, ఆ లైను దాదాపు 39 లక్షల బాకీ చూపిస్తుంది. దాన్నే లాకిన్ అంటారు.

హోటల్‌కు జాగా మాట్లాడేటప్పుడు తెరిచే రోజు గురించే ఆలోచిస్తాం. మూసే రోజును ముందు లెక్క వేసుకుంటేనే అద్దె, అడ్వాన్స్, ఇంటీరియర్ ఖర్చు అన్నీ సరైన కొలతలో కనిపిస్తాయి. అపశకునంలా అనిపించినా వ్యాపారంలో ఇంతకన్నా పనికొచ్చే లెక్క లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కొండాపూర్ లాంటి చోట ఒక కమర్షియల్ బిల్డింగులో మొదటి అంతస్తు. ఓనరు 2,000 చదరపు అడుగులంటున్నాడు, అద్దె అడుగుకు వంద, అంటే నెలకు 2 లక్షలు. ఏటా 5 శాతం పెంపు. పది నెలల అద్దె అడ్వాన్స్, అంటే 20 లక్షలు. మూడేళ్ల లాకిన్, ఆరు నెలల నోటీసు. జాగా 'ఉన్నది ఉన్నట్టుగా' ఇస్తాడు. ఇంటీరియర్ కోసం ఒక నెల అద్దె వదిలేస్తాడు. తీసుకోవాలనుకుంటున్నది భోజనం, బిర్యానీ పెట్టే అరవై సీట్ల హోటల్.

ముందుగా ఆ 2,000 అడుగుల సంగతి. అద్దె లెక్క కట్టే విస్తీర్ణంలో మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కలిసి ఉంటుంది. టేపు పెట్టి కొలిస్తే లోపల 1,450 అడుగులే తేలవచ్చు. అందులో వంటగదికి 450, స్టోరు, చేతులు కడిగే చోటు, కౌంటరు కలిపి మరో 150 పోతే, కుర్చీలు వేసుకోవడానికి మిగిలేది 850 అడుగులు. సీటుకు పద్నాలుగు అడుగుల చొప్పున వేసుకున్నా అరవై సీట్లు అంతంతమాత్రంగా పడతాయి. మనకు అన్నం పెట్టేది ఆ 850 అడుగులే కాబట్టి, అగ్రిమెంట్‌లో కార్పెట్ ఏరియా అంకె రాయించుకోవడం, కొలిచిన ప్లాను జత చేయించడం మొదటి పని.

రెండు లక్షల అద్దె మోయగలమా లేదా అన్నదానికి ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. పన్ను తీసేసిన అమ్మకాల్లో అద్దె పది నుంచి పదిహేను శాతం లోపు ఉండాలి. మన హోటల్ రోజుకు 60 వేలు అమ్ముతుందనుకుంటే నెలకు 18 లక్షలు, అద్దె వాటా పదకొండు శాతం. బాగానే ఉంది. కానీ చాలామంది ఇక్కడే జీఎస్టీని మరిచిపోతారు. వాణిజ్య భవనాల అద్దె మీద జీఎస్టీ 18 శాతం. మామూలు హోటళ్లు భోజనం మీద 5 శాతం వసూలు చేస్తాయి, దానికి ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. కాబట్టి అద్దె మీద కట్టే 36 వేలు ఎక్కడా తిరిగి రాదు, నేరుగా ఖర్చే. "మా ఓనరుకు జీఎస్టీ నంబరే లేదు కదా" అంటే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ సందు కూడా మూసుకుపోయింది. ఓనరు రిజిస్టర్ కాకపోయినా, అద్దెకు తీసుకున్న రిజిస్టర్డ్ వ్యాపారే ఆ పన్ను కట్టాలి. కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్నవాళ్లకు మాత్రం తర్వాత మినహాయింపు ఇచ్చారు. దీంతో అసలు అద్దె 2 లక్షల 36 వేలు, అమ్మకాల్లో పదమూడు శాతం పైన. మెయింటెనెన్స్ ఇంకా కలపనే లేదు.

పెంపు కూడా చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. ఏటా 5 శాతం, మూడేళ్లకోసారి 15 శాతం, రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. ఏటా 5 శాతమైతే మొదటి మూడేళ్లలో కట్టేది 75 లక్షల 66 వేలు. మూడేళ్లకోసారి 15 శాతమైతే 72 లక్షలు. నాలుగో ఏడు రెండింటి అద్దె దాదాపు ఒకటే. తేడా మూడున్నర లక్షలే అయినా అది పడేది హోటల్‌కు చేతిలో డబ్బు అత్యంత బిగుతుగా ఉండే మొదటి మూడేళ్లలో. అడగ్గానే ఓనర్లు ఒప్పుకునే వాటిలో ఇదొకటి, ఎందుకంటే వాళ్ల దృష్టి శాతం మీద ఉంటుంది.

మాల్స్‌లో పద్ధతి వేరు. అక్కడ కనీస అద్దె ఒకటి, అమ్మకాల్లో వాటా ఇంకొకటి, ఏది ఎక్కువైతే అది కట్టాలి. అక్కడ బేరం శాతం కంటే అమ్మకం అన్న మాట చుట్టూ సాగాలి. డెలివరీ యాప్‌లో 500 రూపాయల ఆర్డరు వచ్చి, యాప్ తన కమీషన్ పాతిక శాతం పట్టుకుంటే మనకు చేరేది 375. పదిహేను శాతం వాటాను 500 మీద లెక్కేస్తే మాల్‌కు 75 పోతుంది. చేతికొచ్చిన డబ్బులో అది ఇరవై శాతం. జీఎస్టీ, డిస్కౌంట్లు, యాప్ కమీషన్ తీసేశాకే వాటా అని రాయించుకోలేకపోతే, డెలివరీ ఎక్కువయ్యేకొద్దీ నష్టం పెరిగే చిత్రమైన పరిస్థితి వస్తుంది.

అడ్వాన్స్ ఎవరి డబ్బు?

పది నెలల అడ్వాన్స్‌కు వడ్డీ రాదు. ఆ 20 లక్షలు ఏడాదికి 12 శాతానికి తెచ్చినవైతే నెలకు 20 వేల వడ్డీ. అంటే అద్దెలో పదివేలు తగ్గించి పది నెలల అడ్వాన్స్ ఉంచిన ఓనరు, ఇచ్చినదానికి రెండింతలు వెనక్కి తీసుకుంటున్నట్టే. అడ్వాన్స్‌ను ఆరు నెలలకు దింపితే 8 లక్షలు చేతిలో మిగులుతాయి, నెలకు 8 వేల వడ్డీ తప్పుతుంది. పైగా ఆ 8 లక్షలతో హోటల్ తెరిచాక నెలా రెండు నెలల జీతాలు గడుస్తాయి.

అసలు చిక్కు తిరిగొచ్చే రోజున. అడ్వాన్స్‌ను ఎవరూ బ్యాంకులో విడిగా దాచరు. అది పై అంతస్తు స్లాబుకో, ఇంట్లో పెళ్లికో ఖర్చయి ఉంటుంది. "కొత్త పార్టీ రాగానే ఇచ్చేస్తాం" అన్న మాట అందుకే వస్తుంది. కొత్త పార్టీ వచ్చేదాకా మన డబ్బు ఆగుతుంది, ఈలోపు తాళాలు కూడా ఆయన చేతికి వెళ్లిపోయి ఉంటాయి. దీనికి అగ్రిమెంట్‌లో రాయించాల్సిన మాట ఒకటుంది. తాళాలు, అడ్వాన్స్ డీడీ ఒకే రోజు, ఒకే బల్ల మీద చేతులు మారాలి. డబ్బు ఇవ్వనంత కాలం జాగా మన స్వాధీనంలోనే ఉంటుంది, దానికి అద్దె ఉండదు, ఆలస్యానికి వడ్డీ ఉంటుంది. ఓనరు అంత దూరం రాకపోతే, నోటీసు ఇచ్చాక చివరి నెలల అద్దెను అడ్వాన్స్‌లో జమ చేసుకుంటామని రాయించండి. బాకీ అలా కరిగిపోతే ఆ తర్వాత గొడవ పడాల్సింది తక్కువే ఉంటుంది.

బిల్డింగు మధ్యలో అమ్ముడుపోతే లీజు కొన్నవారికీ వర్తిస్తుంది, ఆస్తి బదిలీ చట్టం ఆ మేరకు రక్షణ ఇస్తుంది. అడ్వాన్స్ బాధ్యత కూడా కొన్నవారిదేనని విడిగా రాయించుకోవాలి. ఈసీ తీయిస్తే బ్యాంకు తాకట్టు ఉందో లేదో తెలుస్తుంది. ఉంటే బ్యాంకు నుంచి నో అబ్జెక్షన్ కాగితం అడగండి. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే అందరి సంతకాలూ ఉండాలి.

పొగ ఎటు పోతుంది?

జాగా చూడ్డానికి వెళ్లినవాళ్లు సాధారణంగా రోడ్డు, పార్కింగ్, బోర్డు కనిపించే ముఖం చూస్తారు. వంట తెలిసినవాడు మాత్రం పైకి చూస్తాడు. తందూరు, బిర్యానీ బర్నర్లు, తాలింపుల మీద హుడ్ పెట్టాలి. ఆ హుడ్ నుంచి అడుగున్నర, రెండడుగుల వెడల్పు రేకు డక్ట్ బయలుదేరి బిల్డింగు గోడ వెంట టెర్రస్ దాటి పైకి వెళ్లాలి. టెర్రస్ మీద బ్లోయర్ కూర్చోవాలి. మొదటి అంతస్తులో హోటల్, పైన నాలుగు అంతస్తుల ఆఫీసులో, ఫ్లాట్లో ఉంటే ఆ డక్ట్ ఎవరి కిటికీ పక్క నుంచి పోతుంది? టెర్రస్ ఎవరిది? అక్కడ అసోసియేషన్ ఉంటే, షాపు ఓనరు ఒక్కడూ "పెట్టుకోండి బాబూ" అంటే చాలదు. తెరిచిన నెలకే పై వాళ్లు వాసన, బ్లోయర్ అదురు గురించి మున్సిపాలిటీకి ఫిర్యాదు చేస్తే, అప్పటికి ఇంటీరియర్ మీద పెట్టిన లక్షలన్నీ ఆ రేకు గొట్టం దయ మీద ఆధారపడి ఉంటాయి. అందుకే డక్ట్ దారి గీసిన డ్రాయింగు, అసోసియేషన్ అనుమతి లేఖ రెండూ అగ్రిమెంట్‌కు జత కావాలి.

నీళ్ల దారి కూడా అంతే. మొదటి అంతస్తులో వంటగది నేలకు డ్రెయిన్లు కావాలంటే స్లాబు అక్కడ లోతుగా వేసి ఉండాలి, లేదా నేలను అరడుగో ఇంకాస్తో ఎత్తు చేసి కింద పైపులు తియ్యాలి. వాటర్‌ప్రూఫింగ్ సరిగా లేకపోతే ఏడాది తిరక్కముందే కింది షాపు సీలింగులో చెమ్మ మచ్చ కనిపిస్తుంది. దాని బాగు ఎవరి ఖర్చన్నది అప్పుడు మాట్లాడితే తేలదు. లోపలి పైపులు, గ్రీజ్ ట్రాప్ మనవి, స్లాబు, బయటి గోడలు, బిల్డింగు మెయిన్ డ్రెయినేజీ ఓనరువి అని ముందే గీత గీసుకోవాలి.

కరెంటు సంగతిలో తెలియక పోగొట్టుకునేది ఎక్కువ. ఆ అంతస్తుకు 10 కిలోవాట్ల లోడు ఉండి మనకు 40 కావాలనుకుందాం. పెంచాలంటే డిస్కంకు డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి. మీటరు ఓనరు పేరు మీద ఉంటే మనం కట్టిన డిపాజిట్ రేపు తిరిగి వచ్చినా ఆయనకే వస్తుంది. లోడు ఇచ్చే బాధ్యత ఓనరుదని రాయించడం మేలు. కాదంటే మనం కట్టి, ఆ మొత్తాన్ని అద్దెలో విడతలుగా కోసుకోవాలి. పాత కరెంటు బిల్లు, ఆస్తి పన్ను రశీదు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా ఎవరి మాటా నమ్మొద్దు. ఆ సర్టిఫికెట్ లేకపోతే ఫైర్, ట్రేడ్ లైసెన్సుల దగ్గర పని ఆగిపోవచ్చు.

ఇవన్నీ అద్దె ఎప్పుడు మొదలవుతుంది అన్న ప్రశ్న దగ్గర కలుస్తాయి. సంతకం చేసిన రోజు నుంచి తెరవడానికి నాలుగు నెలలు పడుతుందనుకుంటే, ఓనరు వదిలింది ఒక నెల. ఒక్క ప్లేటు అమ్మకుండానే మూడు నెలల అద్దె, జీఎస్టీతో కలిపి 7 లక్షల 8 వేలు పోతుంది. 'తొంభై రోజులు ఫ్రీ' అని తేదీతో రాయించడం సగం విజయమే. కరెంటు లోడు వచ్చి, డక్ట్ అనుమతి చేతికి అంది, ఖాళీ జాగా అప్పగించిన రోజు నుంచి తొంభై రోజులు అని రాయించాలి. అప్పుడు ఓనరు వైపు ఆలస్యానికి అద్దె మన నెత్తిన పడదు.

ముప్పై తొమ్మిది లక్షలు

ఇప్పుడు మొదటి లెక్కకు వద్దాం. మూడేళ్ల లాకిన్‌లో అద్దె మొదలైన పద్దెనిమిదో నెలలో మూసేశామనుకుందాం. మిగిలినవి పద్దెనిమిది నెలలు. రెండో ఏడు 2 లక్షల 10 వేల చొప్పున ఆరు నెలలకు 12 లక్షల 60 వేలు, మూడో ఏడు 2 లక్షల 20 వేల 500 చొప్పున పన్నెండు నెలలకు 26 లక్షల 46 వేలు. వెరసి 39 లక్షల 6 వేలు. అడ్వాన్స్ 20 లక్షలు జప్తు చేసుకున్నా కాగితం మీద ఇంకా 19 లక్షలు మనమే బాకీ.

కోర్టులు మొత్తం ఇప్పిస్తాయా అంటే, కచ్చితంగా ఇప్పిస్తాయని చెప్పలేం. కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ సమంజసమైన పరిహారం అంటుంది. ఓనరు రెండు నెలల్లో ఇంకొకరికి ఇచ్చేస్తే ఆయనకు జరిగిన నష్టం ఎంత అన్న వాదన నిలుస్తుంది. కానీ ఆ వాదన కోర్టులో తేలేసరికి ఏళ్లు గడుస్తాయి, అడ్వాన్స్ ఈలోపు ఆయన దగ్గరే ఉంటుంది. చర్చల బల్ల దగ్గర తేల్చుకోవాల్సింది అందుకే.

ఇక్కడ నా సలహా కొంచెం తలకిందులుగా అనిపించవచ్చు. అద్దె అంకె ఓనరుకు వదిలెయ్యండి. బిల్డింగు మీద బ్యాంకు ఇచ్చే అప్పూ, రేపు అమ్మితే వచ్చే ధరా ఆ నెలసరి అంకె మీదే ఆధారపడతాయి. పక్క బిల్డింగు ఓనరు దగ్గర ఆయన చెప్పుకునేదీ అదే. "అద్దె మీరు చెప్పినంతే ఇస్తాను సార్, మిగతా షరతుల్లో నా మాట వినండి" అంటే సంభాషణ తీరే మారిపోతుంది. మన ఉదాహరణలో 2 లక్షలకు ఒప్పుకుని నాలుగు అడుగుతాం. లాకిన్ మనకు పద్దెనిమిది నెలలు, నోటీసు మూడు నెలలు, అదీ లాకిన్ పూర్తయ్యే రోజుకు ముగిసేలా పదిహేనో నెలలోనే ఇవ్వొచ్చు. ఓనరుకు మాత్రం తొమ్మిదేళ్లూ లాకిన్. అడ్వాన్స్ ఆరు నెలలు. అప్పుడు అదే పద్దెనిమిదో నెలలో మూసేస్తే బాకీ సున్నా, చేతికి వచ్చేది 12 లక్షలు.

లాకిన్ ఇద్దరికీ సమానంగా ఉండాలని కొందరు వాదిస్తారు. సమానం కాదనే నా అభిప్రాయం. మనం వెళ్లిపోతే ఆయనకు పోయేది కొన్ని నెలల అద్దె. ఆయన వెళ్లగొడితే మనకు పోయేది 45 లక్షల ఇంటీరియర్, ఆ గల్లీలో సంపాదించుకున్న గిరాకీ. కాబట్టి ఓనరు వల్ల ఖాళీ చేయాల్సి వస్తే ఇంటీరియర్ ఖర్చులో మిగిలిన భాగం ఆయన ఇవ్వాలన్న షరతు పెట్టుకోవాలి. 45 లక్షలను అరవై నెలలకు పంచితే నెలకు 75 వేలు. ఇరవయ్యో నెలలో పొమ్మంటే మిగిలిన నలభై నెలలకు 30 లక్షలు. అంకె కళ్లముందు ఉంటే పొమ్మనే ముందు ఎవరైనా ఆలోచిస్తారు.

నష్టంలో ఉన్న హోటల్‌కు అన్నిటికన్నా మంచి దారి మూసేయడం కాదు, నడుస్తున్న వంటగదిని ఇంకో హోటల్ వాళ్లకు అప్పగించడం. హుడ్, డక్ట్, డ్రెయిన్లు అన్నీ సిద్ధంగా ఉన్న జాగాకు కొత్తవాళ్లు ఎంతో కొంత ఇస్తారు. సరుకును విడిగా పాత సామాను కొట్టుకు అమ్మితే అందులో చిన్న ముక్క కూడా రాదు. చట్టం మామూలుగా లీజు బదిలీకి అడ్డు చెప్పదు, కానీ అగ్రిమెంట్ నమూనాల్లో దాన్ని నిషేధించే లైను తప్పకుండా ఉంటుంది. దాన్ని కొట్టేయించి, తగిన కారణం లేకుండా ఓనరు కాదనకూడదని, బదిలీ రుసుము ఒక నెల అద్దె మించకూడదని రాయించండి. ఏసీలు, బ్లోయర్, వంట సామగ్రి, జనరేటర్ మనవి, టైల్స్, సీలింగు, వైరింగు వదిలేసి వెళ్తాం అన్న జాబితా ఫొటోలతో సహా చివర జత చేయించండి.

కోవిడ్ నేర్పిన పాఠం కూడా ఇక్కడే చేర్చాలి. 2020 మేలో ఢిల్లీ హైకోర్టు ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణం కేసులో, లాక్‌డౌన్ వచ్చినంత మాత్రాన అద్దె కట్టే బాధ్యత ఆగిపోదని, అగ్రిమెంట్‌లో అలాంటి షరతు ఉంటేనే ఆ రక్షణ దొరుకుతుందని చెప్పింది. ప్రభుత్వ ఉత్తర్వుతో మూసినా, ఫ్లైఓవర్ పనులతో దారి పూర్తిగా మూసుకుపోయినా అద్దె ఎలా తగ్గుతుందో రెండు లైన్లలో రాసుకోవాలి.

ఇన్ని రాయించి కాగితం రిజిస్టర్ చేయించకపోతే మళ్లీ మొదటికే వస్తాం. ఏడాది మించిన లీజు రిజిస్టర్ కావాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ అంటుంది. రిజిస్టర్ కాని తొమ్మిదేళ్ల అగ్రిమెంట్‌ను గడువుకు రుజువుగా కోర్టు చూడదు. అప్పుడు మనం నెలవారీ కిరాయిదారులం, పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయమనవచ్చు. అద్దె నియంత్రణ చట్టం ఆదుకుంటుందనుకుంటే, హైదరాబాద్‌లో నెలకు కొన్ని వేలు దాటిన అద్దెలకు అది వర్తించదు. పదకొండు నెలల అగ్రిమెంట్ మీద 45 లక్షల ఇంటీరియర్ చేయించడం ఇలాంటి సాహసమే.

ఈ మాటలన్నీ టోకెన్ ఇవ్వకముందే జరగాలి. టోకెన్ చేతులు మారాక ఓనరు ఇచ్చేది ఏమీ ఉండదు. మాట్లాడుకున్నవన్నీ ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేయండి. లోడు రాకపోయినా, డక్ట్‌కు అనుమతి దొరక్కపోయినా, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూపించకపోయినా టోకెన్ వాపసు అన్న లైను అందులో ఉండాలి. అద్దెలో రూపాయి తగ్గించకపోయినా ఫర్వాలేదు. రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోని ఓనరు, అడ్వాన్స్ తిరిగిచ్చే తేదీ రాయనన్న ఓనరు తగిలితే మాత్రం జాగా ఎంత బాగున్నా ఇంకో టులెట్ బోర్డు వెతుక్కోండి.